నెలకు 5 వేల సిప్: ఎనిమిదేళ్ల తర్వాత నిజంగా ఎంత చేతికొస్తుంది?

ప్రశ్న: మా పాప ఈ జూన్‌లో ఐదో తరగతికి వచ్చింది. ఇంటర్ అయ్యేసరికి ఎనిమిదేళ్లు. ఇంజినీరింగ్ కోసం నెలకు 5,000 చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో సిప్ మొదలుపెడదామనుకుంటున్నాను. 12 శాతం రాబడి అనుకుంటే 8.08 లక్షలు వస్తాయని ఏజెంట్ కాగితం మీద రాసిచ్చాడు. ఫోన్‌లో ఇంకో యాప్‌లో చూస్తే 7.85 లక్షలు చూపిస్తోంది. నేను కట్టేది మొత్తం 4.80 లక్షలు కదా, దాని మీద ఎనిమిదేళ్ల చక్రవడ్డీ వేస్తే 11.88 లక్షలు వచ్చింది. ఏది నమ్మాలి? ఇప్పుడు మా ఊళ్లో పిల్లలకు ఫీజు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు 8 లక్షల దాకా అవుతోంది. ఈ సిప్ సరిపోతుందా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: ముందు మీ లెక్కే చూద్దాం. 4.80 లక్షలూ మొదటి రోజే ఒకేసారి పెట్టి ఉంటే 11.88 వచ్చేది. మీరు అలా పెట్టడం లేదు కదా. మొదటి నెల వేసిన 5,000కు ఎనిమిదేళ్లూ పెరిగే సమయం ఉంటుంది, 12 శాతం చొప్పున అది 12,380 అవుతుంది. నాలుగేళ్లు గడిచాక వేసే 5,000 చివరికి 7,868 మాత్రమే. ఆఖరి వాయిదాకు దొరికేది ఒక్క నెల, అందుకని అది 5,047 దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి 96 వాయిదాలనూ విడివిడిగా పెంచి కూడితే వచ్చేదే సిప్ మొత్తం. సగటున ఒక్కో వాయిదా 8,178 రూపాయలు అవుతుందన్నమాట.

ఏజెంట్ లెక్కకూ యాప్ లెక్కకూ ఉన్న తేడా ఇంకో రకం. 12ను 12 నెలలతో భాగించి నెలకు ఒక శాతం అని ఏజెంట్ తీసుకున్నాడు. అంటే మన రూపాయి వడ్డీ లెక్క. కానీ ఆ రూపాయిని నెలనెలా అసలులో కలుపుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి 12 శాతం కాదు, 12.68 శాతం అవుతుంది. యాప్ సరిగ్గా ఏడాదికి 12 వచ్చేలా నెలకు 0.949 శాతం తీసుకుంది. ఫండ్ల రాబడిని ఏడాదికి ఇంత అనే చెబుతారు కాబట్టి యాప్ పద్ధతే సరైనది. చాలా వెబ్‌సైట్లలోని కాలిక్యులేటర్లు ఏజెంట్ పద్ధతిలోనే చేస్తాయి, అందులో మోసమేమీ లేదు. ఎనిమిదేళ్లకు ఆ తేడా 22 వేల చిల్లరే అయినా, ఇరవై ఏళ్ల సిప్ అయితే లక్షల్లోకి పోతుంది.

మీరే చూసుకోవాలంటే ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఈ ఒక్క లైను టైప్ చేయండి:

```
=FV(1.12^(1/12)-1, 96, -5000, 0, 1)
```

ఇందులో 1.12 అంటే ఏడాదికి 12 శాతం, 96 అంటే నెలలు. 5000 ముందు మైనస్ ఎందుకంటే అది మీ జేబులోంచి పోయే డబ్బు. చివరి 1 నెల మొదట్లోనే కడుతున్నామని చెబుతుంది. ఈ లైను 7.85 లక్షలు చూపిస్తుంది. ఇప్పుడు 1.12 బదులు 1.10 పెట్టండి, 7.23 లక్షలకు దిగుతుంది. 1.08 పెడితే 6.66 లక్షలు. రూపాయి కూడా ఎక్కువ తక్కువ కట్టకుండానే, మనం అనుకున్న శాతం మారినందుకే 1.20 లక్షలు పోయాయి చూశారా. 12 అనే అంకె ఏ ఫండూ రాసిచ్చిన హామీ కాదు. అందరూ వాడుతున్నారు కాబట్టి వాడుతున్న అంకె. ఈక్విటీ ఫండ్ అప్పు తీసుకున్న మనిషిలా నెలనెలా వడ్డీ కట్టదు. ఒక ఏడాది 25 ఇస్తుంది, ఇంకో ఏడాది ఉన్నదాంట్లోంచి 10 తీసేస్తుంది. పిల్లల చదువు లెక్క ఎవరడిగినా నేను 10 శాతమే వేసిస్తాను. ఎందుకో కాస్త కిందికి వస్తే తెలుస్తుంది.

ఇక ఫీజు. మీరు చెప్పిన 8 లక్షలు ఈ ఏడాది చేరుతున్న పిల్లల ఖర్చు. మీ పాప చేరేది ఎనిమిదేళ్ల తర్వాత. ఏటా సగటున 7 శాతం పెరుగుతుందనుకుంటే ఆ 8 లక్షలు అప్పటికి 13.75 లక్షలవుతుంది. (తెలంగాణలో ప్రైవేటు కాలేజీల ఫీజులు మూడేళ్ల కాలానికి ఖరారు చేస్తారు కాబట్టి పెరిగేటప్పుడు ఒక్కసారిగా పెరుగుతాయి. హాస్టల్ మాత్రం ఏటా పెంచుతూనే ఉంటారు.) సిప్ తెచ్చేది 7.23, కావలసింది 13.75. కాబట్టి ఈ 5,000 ఇలాగే ఉంచితే సరిపోదు, సగం పైచిలుకు మాత్రమే అవుతుంది. మొత్తం సిప్‌తోనే తీరాలంటే ఈ నెల నుంచే 9,500 కట్టాలి.

అంత ఇప్పుడు కుదరకపోవచ్చు. జీతం పెరిగినప్పుడల్లా సిప్ కూడా పెంచే దారి ఒకటుంది, దాన్నే స్టెప్ అప్ అంటారు. ఈ ఏడాది నెలకు 5,000, వచ్చే జూన్ నుంచి 5,500, ఆ పైఏడాది 6,050, ఇలా ఏటా పది శాతం పెంచుకుంటూ పోతే ఎనిమిదో ఏట నెలకు 9,744 కడుతుంటారు. మొత్తం కట్టేది 6.86 లక్షలు, 10 శాతం రాబడితో చేతికి 9.85 లక్షలు. ఇంకా 3.90 లక్షలు తక్కువే. అయితే ఇంజినీరింగ్ ఖర్చు మొదటి రోజే అంతా కట్టేది కాదు, నాలుగేళ్లలో పడుతుంది. ఉన్నదాంతో మొదటి రెండేళ్లూ, మూడో ఏట కొంతా గడుస్తుంది. ఆ తర్వాతి లోటును అప్పటి జీతంలోంచి సర్దవచ్చు, లేదంటే విద్యారుణం. 4 లక్షల దాకా విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా తాకట్టు అడగవు. లోటు ఆ గీత లోపలే ఉండేలా ప్లాన్ చేసుకోవడం నాకు తెలివైన పని అనిపిస్తుంది. దీనికోసం ఇంటి కాగితాలు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టే అవసరం రాదు. పాపకు కన్వీనర్ కోటాలో మంచి సీటు వచ్చినా, మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించినా లోటు ఇంకా తగ్గుతుంది. కానీ రానిదాన్ని ఇప్పుడే లెక్కలో కలపకండి.

ఇక ఏ కాలిక్యులేటరూ చెప్పని ముచ్చట ఒకటుంది. కాలిక్యులేటర్‌లో గీత నున్నగా పైకి పోతుంది, మార్కెట్ అలా పోదు. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చి చివరి వారానికి 8,000 కిందికి పడింది. నవంబరుకల్లా మళ్లీ పాత స్థాయి దాటింది, నిజమే. కానీ ఆ ఏప్రిల్‌లో డబ్బు కావాల్సినవాళ్లు నవంబరు దాకా ఆగలేరు కదా. మీ పాప కౌన్సెలింగ్ కూడా మార్కెట్ కోసం ఆగదు, సీటు వచ్చిన వారంలో ఫీజు కట్టాలి. మీ దగ్గర 7.23 లక్షలు ఉన్నప్పుడు 30 శాతం పడిందనుకోండి, 2.17 లక్షలు పోయినట్టే. అంటే 43 నెలల వాయిదాలు. అదే పతనం రెండో ఏట వస్తే పెద్ద దెబ్బ కాదు, అప్పటికి జమైంది తక్కువ, పైగా తర్వాతి వాయిదాలకు యూనిట్లు చవగ్గా దొరుకుతాయి. సిప్‌లో మొదట్లో పడటం మంచిదే, చివర్లో పడితేనే టెన్షన్.

అందుకని పాప పదో తరగతి పరీక్షలు రాయగానే డబ్బును ఈక్విటీ నుంచి బయటికి తేవడం మొదలుపెట్టండి. ఇంటర్ మొదటి ఏడాది మూడో వంతు, రెండో ఏడాది ఇంకో మూడో వంతు, మిగిలింది కాలేజీలో చేరే ముందు. తీసినదాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో పెట్టండి. అక్కడ రాబడి తక్కువ. ఎనిమిదేళ్లలో చివరి రెండేళ్లు డబ్బులో చాలా భాగం అలా తక్కువ రాబడి మీద కూర్చుంటుంది, అందుకే మొదటి నుంచీ 12 కాకుండా 10 వేసుకోమన్నాను.

ఇలా విడతలుగా తీస్తే పన్ను కూడా కలిసొస్తుంది. ఇప్పటి నిబంధన ప్రకారం ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్లు అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. స్టెప్ అప్ లెక్కలో మీ లాభం 2.99 లక్షలు. ఒకేసారి తీస్తే దాదాపు 21,800 పన్ను, పైన సెస్సు. మూడు ఆర్థిక సంవత్సరాలకు పంచి తీస్తే అందులో చాలా వరకు, లేదా మొత్తం మిగులుతుంది. ఒక్క జాగ్రత్త: ప్రతి వాయిదాకూ ఏడాది లెక్క విడిగా ఉంటుంది. చివరి పన్నెండు నెలల్లో వేసిన వాయిదాలు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్ కూడా పడతాయి. ఆఖరి ఏడాది వాయిదాలను నేరుగా రికరింగ్ డిపాజిట్‌కు మళ్లిస్తే ఈ గొడవే ఉండదు.

ఏటా జూన్‌లో స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి, అంతకంటే ఎక్కువసార్లు వద్దు. మూడేళ్లు నిండేసరికి మీరు కట్టింది 1.99 లక్షలు ఉంటుంది, 10 శాతం దారిలో ఉంటే విలువ 2.29 లక్షల దగ్గర కనిపించాలి. చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. యాప్‌లో 'మొత్తం లాభం 15.5 శాతం' అని ఉంటుంది, మూడేళ్లకు ఇంతేనా, ఏటా ఐదే కదా అనుకుని సిప్ ఆపేస్తారు. ఆ 15.5 తప్పుడు అంకె కాదు. సగం డబ్బు ఇంకా ఏడాదిన్నర కూడా నిండని డబ్బు కాబట్టి అలా కనిపిస్తుంది. చూడాల్సింది దాని పక్కనే ఉండే XIRR అనే అంకె, ప్రతి వాయిదా వేసిన తేదీని బట్టి ఏడాది రాబడి లెక్కగట్టేది అదే. 15.5 శాతం మొత్తం లాభం ఉన్న ఈ సిప్‌లో అది 10 చూపిస్తుంది. ఒకవేళ 6 చూపిస్తే మిగిలిన ఐదేళ్లకు షీట్‌లో లెక్క మళ్లీ వేసి, ఆ ఏడాది పెంచాల్సిన 10 శాతాన్ని 15 చేయండి. ఎక్కువ రాబడి వస్తుందని చెప్పి వేరే ఫండ్‌కు మారమనేవాళ్లు ఆ సమయంలోనే మీ ఇంటికొస్తారు, వాళ్ల మాట మీద మారకండి.