రెయిలింగ్ ఊగుతోందా? నట్టు చెక్క లోపలే ఉంది

"అన్నా, ఒహాయోలో కొత్తగా కొన్న ఇంట్లో పైఅంతస్తు రెయిలింగ్ తోస్తే ఊగుతోంది. స్క్రూలు ఎక్కడా కనబడవు. మేకులు కొట్టేయనా?" అని ఈ మధ్యే అమెరికా వెళ్లిన ఒక తమ్ముడు అడిగాడు. మేకు మాత్రం కొట్టకు తమ్ముడూ. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. పోయిన వారమే మా ఇంటి పైన రెండు టేకు స్తంభాల మధ్య రెయిల్‌కి ఇలాంటి జాయింటే చేయించాను కాబట్టి విషయం చేతిలో తాజాగా ఉంది.

మన ఊళ్లో చాలా ఇళ్లలో ఇనుప గ్రిల్ మీది పట్టీకి కింది నుంచి స్క్రూలు బిగించి టేకు రెయిల్ కూర్చోబెడతారు. బరువంతా ఇనుముదే. అక్కడి ఇళ్లలో అలా కాదు. మెట్ల మొదట్లో, మలుపుల్లో నిలబడే లావు స్తంభాన్ని నూవెల్ పోస్ట్ అంటారు. రెయిల్ చివర దానికి నేరుగా ఆనుతుంది. ఆ రెండింటినీ లోపల పట్టి ఉంచేది రెయిల్ బోల్ట్. దానికి ఒక కొన చెక్కలోకి దిగే స్క్రూ మర, రెండో కొన నట్టు ఎక్కే బోల్టు మర.

స్క్రూ కొన స్తంభంలోకే ఎందుకు పోవాలంటే, రెయిల్ పీచు దాని పొడవునా పోతుంది, చివర ఉండేవి పీచుల కొసలే. అక్కడ బిగించిన స్క్రూ గట్టిగా పట్టదు, లాగితే ఊడొస్తుంది. స్తంభంలో పీచు నిలువుగా ఉంటుంది, మర దానికి అడ్డంగా కొరుకుతుంది. అందుకే స్క్రూ స్తంభంలో, నట్టు రెయిల్లో.

ముందు అసలు వదులు ఎక్కడుందో చూడు. అతుకు మీద ఒక వేలు అడ్డంగా పెట్టి, ఇంకొకరిని రెయిల్ అటూఇటూ ఊపమను. వేలి కింద సందు తెరుచుకుని మూసుకుంటే తప్పు అతుకులో ఉంది. సందు కదలకుండా స్తంభమూ రెయిలూ కలిసి ఊగితే స్తంభం అడుగు వదులైంది. అప్పుడు ఈ బోల్టు ఎంత బిగించినా లాభం లేదు, కార్పెంటర్‌ని పిలవాలి.

అతుకే వదులైతే రెయిల్ అడుగున, స్తంభానికి దగ్గర్లో గుండ్రటి బిళ్ల కోసం వెతుకు. అది చెక్క మూత. దాన్ని తీస్తే నట్టు కనబడుతుంది. చలికాలంలో హీటర్ వేడికి చెక్క ఎండి ముడుచుకుంటుంది, నట్టు వదులవుతుంది. చాలాసార్లు కొద్దిగా బిగిస్తే సరిపోతుంది.

బోల్టే లేకపోతే కొత్తది వేయాలి. మేం చేసింది చెబుతాను, ఇది అడ్డంగా సాగే రెయిల్‌కి. స్తంభంలో 6 మి.మీ. రంధ్రం వేసి, 8 మి.మీ. బోల్టుకి సబ్బు రాసి తిప్పాం. బోల్టు మర మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, పై నట్టుని స్పానర్‌తో తిప్పితే బోల్టు తిన్నగా దిగుతుంది. బయట 45 మి.మీ. మిగలాలి. రెయిల్ చివర, అడుగు నుంచి 24 మి.మీ. ఎత్తున, 10 మి.మీ. రంధ్రం 57 మి.మీ. లోతుకి. ఆ తర్వాత రెయిల్ అడుగు వైపు నుంచి 25 మి.మీ. వెడల్పు గుంత, దాని నడుమ రెయిల్ చివరికి 35 మి.మీ. దూరంలో, లోతు 38 మి.మీ. ఇంతకన్నా చివరికి దగ్గరైతే బిగించేటప్పుడు చెక్క చీలుతుంది. మా వడ్రంగి తొందరపడి 20 దగ్గర వేశాడు, వాషర్ అంచున సన్నటి గీత పడి చీలింది. ఆ ముక్క కోసేసి మళ్లీ చేశాం.

గుంత చిన్నది కాబట్టి మామూలు స్పానర్ తిరగదు. కొన్ని కిట్లలో పళ్లున్న నట్టు ఇస్తారు, పంటికి స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో మెల్లగా తట్టాలి. అర్ధచంద్రాకారపు వాషర్ మరవకు, లేకపోతే నట్టు చెక్కలోకి నొక్కుకుపోతుంది. ఒక్క బోల్టు మీద రెయిల్ గుండ్రంగా తిరగగలదు, అందుకే అతుకు ముఖానికి చెక్క జిగురు తప్పదు.

ఇక రెండు స్తంభాలూ కదలనివైతే రెండు వైపులా ఈ బోల్టు పట్టదు, ఎందుకంటే ముందుకు పొడుచుకొచ్చిన రెండు బోల్టుల మధ్యకి రెయిల్ దూరదు. రెండో చివర స్తంభం వెనక నుంచి లాగ్ స్క్రూ, అంటే స్పానర్‌తో తిప్పే లావు చెక్క స్క్రూ, పొడవాటిది రెయిల్లోకి వేసి, తలను గుంతలో దాచి బిళ్లతో మూస్తారు. ఇది పీచు కొసల్లోకి పోతుంది కాబట్టి పొడవైనదే కావాలి, జిగురూ కావాలి. మాకు ఒక స్తంభం ఇంకా పాతలేదు, దాన్ని చివర్లో తెచ్చి కూర్చోబెట్టాం. ఏటవాలు రెయిల్ అయితే బిగించేకొద్దీ స్తంభం ముఖం మీద జారుతుంది, ఆ పని అనుభవమున్నవాళ్లకే వదిలెయ్.

అమెరికాలో చాలాచోట్ల పాటించే నివాస గృహాల కోడ్ ప్రకారం ఈ రెయిలింగ్ పైఅంచు ఏ చోటైనా 200 పౌన్ల తోపుని తట్టుకోవాలి, అంటే దాదాపు 90 కిలోలు. పిల్లలు దాని మీద వేలాడతారు కదా.

మూత బిళ్లకి మాత్రం జిగురు ఒక్క చుక్క చాలు. వచ్చే ఫిబ్రవరిలో సందు కనబడితే తీసి, నట్టుని మళ్లీ పావు వంతు తిప్పాల్సి రావచ్చు.