ఆఫర్ వచ్చినా ఆగని లెక్క

మా అక్క కొడుకు డాలస్‌లో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం వెతుక్కున్నాడు. ఎమ్మెస్ అయింది, చదువయ్యాక కొంతకాలం అమెరికాలో పని చేసుకోనిచ్చే ఓపీటీ మొదలైంది. ఒక గురువారం ఒక కంపెనీలో ఫైనల్ రౌండ్ ముగిసింది. "వారంలో చెప్తామన్నారు మావయ్యా" అని మెట్లు దిగుతూనే చెప్పాడు, మొహం వెలిగిపోతూ.

వారం దాటింది. ఫోన్ కుక్కర్ పక్కనే పెట్టుకుని, మోగకపోయినా తీసి చూసుకునేవాడు. రాత్రి రెండింటికి కూడా గదిలో లైటు వెలిగేది. వేరే అప్లికేషన్లు మాత్రం పూర్తిగా ఆపేశాడు. అదే నాకు భయం వేసింది.

శనివారం పక్కన కూర్చోబెట్టుకుని "ఎన్ని రోజులైందిరా?" అన్నాను. "తొమ్మిది" అన్నాడు. నేనడిగింది ఇంటర్వ్యూ లెక్క కాదు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పని అనుమతినిచ్చే ఈఏడీ కార్డు మీద మొదటి తేదీ నుంచి శని, ఆదివారాలతో సహా లెక్కకొస్తాయి. క్యాలెండర్ తీసి లెక్కపెడితే ఆ రోజు 70వది. వాడి చెయ్యి ఆగిపోయింది.

ఎవరో స్నేహితుడు ఏదో కన్సల్టెన్సీ పేరు పెట్టేయమన్నాడట. వద్దని గట్టిగా చెప్పాను. చేయని పనిని చేసినట్టు రాస్తే తర్వాత హెచ్1బీ దగ్గరో, గ్రీన్‌కార్డు దగ్గరో మెడకు చుట్టుకుంటుంది.

సరైన దారి వేరే ఉంది. మొదటి ఓపీటీలో జీతం లేని పని కూడా ఉద్యోగం కిందే లెక్క. అయితే అది చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు చేయాలి, మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేస్తున్నట్టు ఉండకూడదు. సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్లకు ఓపీటీని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం ఇది చెల్లదు. సోమవారం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, పాత ప్రొఫెసర్‌కు రాశాడు. బుధవారం నుంచి ఆయన ల్యాబులో డేటా పని, వారానికి 25 గంటలు. గంటలు రాసిన లెటర్ తీసుకున్నాడు, పది రోజుల గడువు దాటకుండా, ఓపీటీలో ఉన్నవాళ్లు ఉద్యోగం వివరాలు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్ SEVP Portalలో నమోదు చేశాడు. 73 దగ్గర లెక్క ఆగింది. కంపెనీకి కూడా ఒక్క మెయిల్ పెట్టాడు. పైనుంచి అనుమతి ఇంకా రాలేదని రెండు లైన్ల జవాబొచ్చింది. అప్లికేషన్లు మళ్లీ మొదలయ్యాయి.

ఇంటర్వ్యూ అయిన 19వ రోజు ఆఫర్ వచ్చింది. అందరం ఎగిరి గంతేశాం. కానీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తవాలని జాయినింగ్ తేదీ దాదాపు మూడు వారాల తర్వాత ఇచ్చారు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినంత మాత్రాన రోజులు ఆగవు, పని మొదలైన తేదీతోనే ఆగుతాయి. ఆ తేదీ వాడి క్యాలెండర్‌లో సరిగ్గా 100వ రోజు. ల్యాబు పనే లేకపోతే ఆఫర్ చేతిలో ఉండగానే స్టేటస్ పోయేది.

జాయినయ్యే ముందురోజు దాకా ల్యాబు మానలేదు. మొదటి రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా పోర్టల్‌లో కొత్త ఉద్యోగం వివరాలు ఎక్కించాడు. ఆ తర్వాతే మా అక్కకు ఫోన్ చేశాడు.