ఫోన్ మీదే కావచ్చు, అకౌంట్ మీదని రుజువేది?

సందేహం: సార్, తొమ్మిది రోజుల క్రితం ఫోన్ ప్యాటర్న్ మర్చిపోయి బటన్లు నొక్కి రీసెట్ చేశాను. ఇప్పుడేమో ఇంతకుముందు ఆ ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమంటోంది. పాస్‌వర్డ్ గుర్తులేదు. రికవరీకి ఇచ్చిన నంబర్ ఏడాది కిందటే వదిలేశాను. రోజుకు ఏడెనిమిది సార్లు ప్రయత్నిస్తున్నా, అకౌంట్ మీదేనని నిర్ధారించలేకపోయాం అంటోంది. చనిపోయిన మా నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, నిద్ర పట్టడం లేదు. ఫోన్ కొత్తదే కొన్నాను గానీ బిల్లు కనిపించడం లేదు. పాత ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఇంకా తెరుచుకుంటోంది, కానీ అది బాగా నెమ్మదించిందని ఈ వారం ఫార్మాట్ చేయిస్తున్నాం. అరగంటలో లాక్ తీసేసే మనిషి ఉన్నాడని తెలిసినవాళ్లు అంటున్నారు. నా డబ్బుతో కొన్న ఫోన్‌కి నాకే తాళం వేయడం అన్యాయం కాదా? గూగుల్‌కి లీగల్ నోటీసు పంపొచ్చా?

సలహా: ముందు ఆ ల్యాప్‌టాప్ ఫార్మాట్ ఆపండి. ఈ ఉత్తరంలో మీరు చివర్లో ఎక్కడో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ ల్యాప్‌టాప్ మీదే మీ కేసంతా నిలబడి ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని క్లీన్ చేయకూడదు, బ్రౌజర్ హిస్టరీ, కుకీలు తుడవకూడదు, మెయిల్‌లోంచి లాగౌట్ అవ్వకూడదు. దాని మీద ఒక చీటీ అంటించి పెట్టండి.

ఇక నోటీసు సంగతి. పంపాలంటే పంపొచ్చు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ఆ తాళం గూగుల్ మీ మీద కక్షతో వేసింది కాదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఏర్పాటు అది. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ పెట్టి, స్క్రీన్ లాక్ కూడా పెడితే తనంతట తానే పనిచేయడం మొదలుపెడుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్యాటర్న్ ఇచ్చి రీసెట్ చేస్తే, చేసింది యజమానే అనుకుని ఫోన్ మామూలుగా ఊరుకుంటుంది. మీలాగా బయటినుంచి బటన్లు నొక్కి రీసెట్ చేస్తే మాత్రం, ఫోన్ కొట్టేసిన వాడు కూడా సరిగ్గా అదే పని చేస్తాడు కాబట్టి, పాత అకౌంట్ అడుగుతుంది. ఆ అకౌంట్ గుర్తు స్టోరేజీలో రీసెట్ తుడవని ఒక చిన్న భాగంలో ఉంటుంది, అందుకే మళ్లీ రీసెట్ చేసినా లాభం లేదు. అది మీరో దొంగో ఫోన్‌కి తెలిసే దారి లేదు. ఈ సంగతే అవతలి లాయరు రెండు లైన్లలో రాసి పంపిస్తాడు, ఈలోగా మీ ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు దానంతట అదే లాగౌట్ అవుతుంది.

మీరు ఫోన్‌నీ అకౌంట్‌నీ ఒకటే అనుకుంటున్నారు. అవి రెండు వేరు వేరు తగాదాలు, రుజువులు కూడా వేరు. ఫోన్ మీదని చెప్పేది బిల్లు. అకౌంట్ మీదని చెప్పేది మీరు ఇదివరకు వాడిన మెషీను, వాడిన చోటు, పాత పాస్‌వర్డ్, రికవరీ నంబర్. బిల్లు చూపిస్తే గూగుల్ అకౌంట్ ఇవ్వదు. ఆధార్ కార్డులు, అఫిడవిట్లు ఏవి పంపినా అంతే.

ఫొటోల గురించి చేదు మాట ముందే చెప్తాను. ల్యాప్‌టాప్‌లో photos.google.com తెరవండి. బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే మీ నాన్నగారి ఫొటోలు అక్కడ కనబడతాయి, ఇంకేమీ ముట్టుకోకముందే వాటిని డౌన్‌లోడ్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అక్కడ లేకపోతే ఫోన్‌లోనూ లేవు. ఈ రోజుల్లో ఫోన్ స్టోరేజీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్ చేసినప్పుడు దాన్ని విప్పే తాళంచెవే పోతుంది, ఆ తరవాత లాక్ తీసిన ఫోన్ ఖాళీ ఫోనే. ఆ ఫొటోలు వెనక్కి తీసిస్తానని ఎవరైనా అంటే నమ్మకండి.

తరవాత, ఫోన్‌లో ఉన్న అకౌంటూ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్న అకౌంటూ ఒకటేనా? ఇది మీరు ఎక్కడా రాయలేదు. చాలామందికి రెండు మూడు ఐడీలుంటాయి, ఫోన్‌లో ఒకటి పెట్టి ఇంకోదానితో కుస్తీ పడుతుంటారు. ల్యాప్‌టాప్‌లో myaccount.google.com/device-activity తెరిస్తే ఆ అకౌంట్ ఏయే మెషీన్లలో వాడారో వస్తుంది. అందులో మీ ఫోన్ మోడల్, తొమ్మిది రోజుల క్రితం తేదీ కనబడితే అదే అకౌంట్. ఇక్కడా కాలపరిమితి ఉంది: ఈ జాబితాలో ప్రస్తుతం లాగిన్‌లో ఉన్నవీ, గత 28 రోజుల్లో వాడినవీ చూపిస్తారు. మీకు తొమ్మిది రోజులు ఇప్పటికే గడిచాయి. ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అదే అకౌంట్ అని తేలాక పాస్‌వర్డ్ మార్చడానికి ఎగబడకండి, ముందు ఉన్నదేమిటో వెతకండి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ వాడుతుంటే అడ్రస్ బార్‌లో ఇది కొట్టండి:

```
chrome://password-manager/passwords
```

అందులో google.com పేరుతో ఒక ఎంట్రీ ఉండొచ్చు. దాన్ని తెరవడానికి ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చి చూడండి. దొరికితే అదే ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి లాగిన్ అయి చూడండి, ఎందుకంటే అక్కడున్నది ఎప్పటిదో పాతది కూడా కావచ్చు. పనిచేస్తే ఫోన్‌ని వైఫైకి కలిపి అదే ఐడీ, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. అంతటితో పని అయిపోతుంది, పాస్‌వర్డ్ మార్చలేదు కాబట్టి ఆగాల్సిన గడువు కూడా ఉండదు. అన్నట్టు కొన్ని ఫోన్లలో ఆ లాగిన్ స్క్రీన్ మీదే పాత ప్యాటర్న్ ఇచ్చే అవకాశం కూడా ఉంటుంది. ఈలోగా మీకు ప్యాటర్న్ గుర్తొస్తే అసలు పాస్‌వర్డే అక్కర్లేదు.

ఏదీ దొరక్కపోతే రికవరీకి వెళ్లాల్సిందే. కానీ మీరు ఇప్పటిదాకా చేసిన పద్ధతిలో కాదు. రోజుకు ఏడెనిమిది సార్లు కొడితే మీ బాధ గూగుల్‌కి అర్థం కాదు, ఎవడో తలుపు బద్దలుకొడుతున్నాడని అనిపిస్తుంది. అలా చేస్తే కొంతసేపు దారి మూసేస్తారు కూడా. ఒక రోజంతా ఏమీ ముట్టుకోకండి. ఆ తరవాత అదే ల్యాప్‌టాప్, అదే బ్రౌజర్, మీరెప్పుడూ వాడే ఇంటి ఇంటర్నెట్, వీటి మీదే g.co/recover తెరవండి. స్నేహితుడి ఫోన్ నుంచీ ఆఫీసు నుంచీ వద్దు. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగితే గుర్తులేదని వదిలేయకుండా, కచ్చితంగా తెలియకపోయినా దగ్గరగా అనిపించిన పాతదేదో ఒకటి ఇవ్వండి. పాత నంబర్‌కి కోడ్ పంపుతానంటే వేరే దారి చూపమనే లింక్ నొక్కండి. రికవరీ ఈమెయిల్ ఎప్పుడైనా ఇచ్చి ఉంటే అక్కడ బయటపడుతుంది. కొన్నిసార్లు వెంటనే ఇవ్వకుండా కొన్ని గంటలు, కొన్ని రోజులు ఆగమని చెప్పి తరవాత లింక్ పంపుతారు. ఆగమన్నారంటే తిరస్కరించినట్టు కాదు. ఆ సమయంలో మళ్లీ కొత్తగా మొదలుపెట్టకండి.

పాస్‌వర్డ్ మారిన తరవాత చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇలాంటి పనిమీదే ఒకాయన నా దగ్గరకొచ్చారు. శనివారం సాయంత్రం ఆరింటికి పాస్‌వర్డ్ మార్చి, ఆరూ పదికి ఫోన్‌లో కొట్టారు, తీసుకోలేదు. తప్పు కొట్టానేమో అని రాత్రి మళ్లీ మార్చారు. ఆదివారం పొద్దున ఇంకోసారి. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక 24 గంటలు ఆగాలి, పాత ఫోన్లలో 72 గంటలు ఆగమనేవాళ్లు. మార్చిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదటినుంచి లెక్క. శనివారం ఒక్కసారి మార్చి ఊరుకుని ఉంటే ఆదివారం సాయంత్రానికి ఫోన్ తెరుచుకునేది, ఆయన సోమవారం పొద్దుటిదాకా లాగారు, అదీ నేను తిట్టాక.

ఇక అరగంట మనిషి. అతని దగ్గరకి వెళ్లొద్దు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కన్నం ఏదో పట్టుకుని దూరతాడు, లేదా ఎక్కడివో తెలియని ఫైళ్లు ఎక్కిస్తాడు. అందులో ఇంకేం ఎక్కిందో మీకు తెలీదు. రేపు అదే ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకునేది మీరే. ఆండ్రాయిడ్ 15 నుంచి ఈ దొడ్డిదారులు ఇంకా బిగించారు, దాటేసినా ఫోన్ గుర్తుపట్టి మళ్లీ మొదటికి తెస్తుంది. ఒకవేళ అంతా సవ్యంగా జరిగిందనుకున్నా మీ చేతికొచ్చేది ఖాళీ ఫోన్, అకౌంట్ కాదు. చట్టం వైపునుంచి చూస్తే ఇంకో చిక్కు: బిల్లు లేదు, లాక్ బద్దలుకొట్టించారు, రేపు ఆ ఫోన్ అమ్మితే కొన్నవాడు అనుమానపడి ఫిర్యాదు చేస్తే, అది దొంగసొమ్ము కాదని చూపించుకోవాల్సింది మీరు. కొందరు ఒక అడుగు ముందుకేసి, ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎమ్‌ఈఐ నంబర్ కూడా మార్చేస్తామంటారు, అది చాలా దేశాల్లో నేరం. ఇంకొకడు గూగుల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని ఫోన్ చేసి ఓటీపీ అడుగుతాడు, ల్యాప్‌టాప్‌ని రిమోట్‌లో ఇవ్వమంటాడు. మీ దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం అదే, దాన్ని అతని చేతుల్లో పెట్టకండి.

బిల్లు లేదన్నారు. మెయిల్ తెరుచుకుంటోంది కదా, అందులో ఫోన్ మోడల్ పేరుతోనో ఇన్వాయిస్ అనో వెతికారా? ఆన్‌లైన్‌లో కొన్నా, షాపులో మెయిల్ ఐడీ ఇచ్చి కొన్నా అక్కడ ఉండొచ్చు. దొరికితే అందులో ఐఎమ్‌ఈఐ ఉందో లేదో చూడండి, 15 అంకెలుంటుంది. ఫోన్ పెట్టె మీద ఉన్నదానితో కలపండి. లాక్ పడిన ఫోన్‌లో కూడా ఎమర్జెన్సీ కాల్ స్క్రీన్‌లో *#06# కొడితే చాలా మోడళ్లలో అది వస్తుంది. మూడూ కలిస్తే, అకౌంట్ ఎప్పటికీ రాకపోయినా, బిల్లు తీసుకుని ఆ కంపెనీ అధికారిక సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. కొన్ని కంపెనీలు ఒరిజినల్ బిల్లు చూసి లాక్ తీసిస్తాయి. వెళ్లేముందు ఫోన్ చేసి ఏమేం కాగితాలు కావాలో అడగండి. అక్కడ కాదంటే అప్పుడు నోటీసు గురించి మాట్లాడదాం.

రికవరీ నంబర్ వదిలేసి ఏడాదైనా మార్చకపోవడం మాత్రం పూర్తిగా మీ నిర్లక్ష్యం, దానికి నా దగ్గర మెత్తని మాటల్లేవు. ఆ నంబర్ ఈపాటికి వేరేవాళ్లకి ఇచ్చేసి ఉండొచ్చు. అంటే మీ కోడ్లు ఒక అపరిచితుడి ఫోన్‌కి వెళ్తున్నాయి. అతన్ని వెతికి కోడ్ చెప్పమని బతిమాలకండి, అతనికి మీ మెయిల్ ఐడీ కూడా తెలియడం కంటే పెద్ద ప్రమాదం ఉండదు. అకౌంట్ చేతికొచ్చిన నిమిషమే సెక్యూరిటీ పేజీలో ఆ నంబర్ తీసేసి ఇప్పటిది పెట్టండి. మార్చినా ఇంకో 7 రోజులపాటు పాత నంబర్‌కి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతుంది, కాబట్టి ఆ వారం మెయిల్‌కి వచ్చే సెక్యూరిటీ హెచ్చరికలు రోజూ చూడండి. పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే టైము ఒక కాగితం మీద రాసి, ఫోన్ స్విచ్చాఫ్ చేసి, మర్నాడు అదే టైము దాటాకే ఆన్ చేయండి.