అమ్మకు ఫోన్ ఏ వేళప్పుడు చేయాలి?

చికాగోకు చదువు కోసం వచ్చి రెండు నెలలైందనీ, రాత్రి పది దాటేసరికి గుండె దడ మొదలవుతుందనీ, అమ్మతో రెండింటిదాకా మాట్లాడితే తప్ప కన్ను మూతపడడం లేదనీ ఒక విద్యార్థి రాశారు. మొదటి ఏడాది నేనూ ఇదే ఊళ్లో, ఇదే వేళకు ఫోన్ పట్టుకునేవాణ్ణి. అయితే అప్పట్లో ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయేవి కాబట్టి మాట ఆగేది. వాట్సాప్‌కు ఆ దయ లేదు.

మీరు ఫోన్లు తగ్గించనక్కర్లేదు, వేళ మార్చండి. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండంటే ఇప్పుడు ఇంటి దగ్గర ఉదయం పదిన్నర. అమ్మ పనుల హడావుడిలో ఉంటుంది, మీరేమో రోజంతటి బెంగ ఆ గంటలోనే దించుకోవాలని చూస్తారు. పడుకునేసరికి రెండు, లేచేసరికి పది, మళ్లీ రాత్రికి నిద్ర రాదు; ఆ మెలకువలోనే దడ పెరుగుతుంది. దానికి బదులు ఉదయం ఎనిమిదికి, క్లాసుకు నడిచి వెళుతూ ఇరవై నిమిషాలు మాట్లాడండి. అక్కడ సాయంత్రం ఆరున్నర అవుతుంది, ఇంట్లో అందరూ తీరిగ్గా ఉంటారు. పొద్దుటి వెలుతురు ఒంటికి తగిలితే రాత్రి నిద్ర కూడా కాస్త ముందుగానే వస్తుంది. మొదటి వారం పదింటికి మళ్లీ ఫోన్ మీదికే చెయ్యి పోతుంది. ఆ గంటకు రూమ్‌మేట్‌తో కలిసి అన్నం తినడం పెట్టుకోండి, అదీ మంచం మీద కంచం పెట్టుకుని కాదు.

రెండు వారాలు ఇలా చేసినా నిద్ర, ఆకలి దారికి రాకపోయినా, క్లాసులకు వెళ్లలేకపోతున్నా యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చాలా చోట్ల దాని ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, ఏ వేళైనా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

భయపడి ఒక కోర్సు వదిలేద్దామనుకుంటే ముందుగా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓను కలవండి. ఎఫ్-1 వీసాలో అనారోగ్య కారణంగా కోర్సులు తగ్గించుకోవచ్చు గానీ, డాక్టరు లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన ఉత్తరం చూపి, డీఎస్‌ఓ అనుమతి వచ్చాకే వదలాలి. ముందు వదిలేసి తర్వాత చెబితే స్టేటస్‌కే ముప్పు.

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది; ఆ వేళకు గదిలో ఒంటరిగా ఉండకుండా లైబ్రరీలో కూర్చోండి. మీ ఎనిమిది గంటల ఫోన్ ఆ రోజు నుంచి ఇంటి దగ్గర ఏడున్నరకు మోగుతుంది. ఆ సంగతి అమ్మకు ముందే చెప్పండి, లేకపోతే ఆరున్నర నుంచి ఫోన్ పక్కనే కూర్చుంటుంది.