హౌస్‌కీపింగ్ కొటేషన్‌లో ఏటా పెంపు షరతు

ఓ ఆఫీసుకు నెలవారీ హౌస్‌కీపింగ్ కొటేషన్ ఇస్తున్నాను. "ఏటా 5% పెంపు" అని రాస్తే చాలా?

చాలదండీ. జీతాలను విడిగా చూపించండి. నలుగురికి పీఎఫ్, ఈఎస్ఐతో కలిపి 64,000, ఫినాయిల్, చీపుర్లలాంటి సామాన్లకు 6,000, మీ సర్వీస్ చార్జి 7,000 అనుకుందాం. మొత్తం 77,000, జీఎస్టీ అదనం. దానిపై 5% అంటే 3,850 పెరుగుతుంది. కనీస వేతనాల్లో కరువు భత్యం పెరిగి జీతాల ఖర్చు 8% ఎక్కితే, ఒక్క దానికే 5,120 కావాలి. తేడా 1,270 నెలనెలా మీ జేబులోంచే పోతుంది.

నేనైతే లెటర్‌లో ఇలా రాస్తాను: "సామాన్లు, సర్వీస్ చార్జి ప్రతి 12 నెలలకు, ముందటి ఏడాది రేటుపై 5% పెరుగుతాయి. కనీస వేతనం మారితే, ఉత్తర్వు అమలు తేదీ నుంచి ఆ తేడా పీఎఫ్, ఈఎస్ఐతో సహా బిల్లులో కలుస్తుంది."

బిల్లుతో పాటు ఉత్తర్వు కాపీ జతచేయండి, అకౌంట్స్ వాళ్లు ముందు అడిగేది అదే.