సారీ ఒక్కసారి చాలు, కొత్త తేదీ మాత్రం ఉండాలి

ప్రశ్న: డెడ్‌లైన్ తప్పింది, క్లయింటుకి సారీ మెయిల్ రాయాలి. కాళ్ల మీద పడ్డట్టు ఉండకూడదు, పక్క టీమ్ మీదికి నెట్టేసినట్టూ ఉండకూడదు. ఎలా రాయాలి?

మా టీమ్ నుంచి బయటికి వెళ్లే మెయిళ్లు చాలావరకు నేను చూశాకే వెళ్తాయి. ఈమధ్య ఒక జూనియర్ ఇలా రాసుకొచ్చాడు:

“శుక్రవారం సేల్స్ రిపోర్ట్ ఇవ్వలేకపోయినందుకు చాలా చాలా సారీ. డేటా టీమ్ ఫైళ్లు ఆలస్యంగా ఇవ్వడం వల్ల ఇలా జరిగింది. దయచేసి పెద్ద మనసుతో అర్థం చేసుకోండి. వీలైనంత త్వరగా పంపిస్తాం.”

రిపోర్ట్ ఎప్పుడొస్తుందన్నది తప్ప ఇందులో అన్నీ ఉన్నాయి.

ఫైళ్లు ఎప్పుడు రావాలని అడిగాను. సోమవారం. ఎప్పుడొచ్చాయి? గురువారం. సోమవారం రానప్పుడు క్లయింటుకి చెప్పావా? “ఎలాగోలా లాగేద్దామనుకున్నానండి” అన్నాడు. అసలు తప్పు అదే. ఫైళ్లు రాకపోవడం అతని చేతిలో లేదు, రాలేదని చెప్పడం మాత్రం అతని చేతిలోనే ఉంది. సారీ చెప్పాల్సింది దానికి. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

“శుక్రవారం ఇస్తామన్న సేల్స్ రిపోర్ట్ ఇవ్వలేకపోయాం, సారీ. ఫైళ్లు మాకు గురువారం అందాయి. సోమవారం రానప్పుడే మీకు చెప్పాల్సింది, నేను చెప్పలేదు. మొదటి రెండు నెలల లెక్కలు సరిచూసి జత చేశాను. మూడో నెలది బుధవారం మధ్యాహ్నం 3 గంటలకల్లా పంపిస్తాను. ఎంతవరకు వచ్చిందో మంగళవారం ఉదయం మెయిల్ పెడతాను.”

ఫైళ్ల సంగతి దాచలేదు, తేదీ చెప్పి వదిలేశాం. టీమ్ పేరు తీసేశాం, ఎందుకంటే క్లయింటుకి మనమంతా ఒకటే కంపెనీ. పేరు రాస్తే మన ఇంటి గొడవ వాళ్ల ముందు పెట్టినట్టే. డేటా టీమ్‌తో తేల్చుకోవాల్సింది లోపల తేల్చుకోవాలి. ఇలాంటి మెయిల్‌కి పక్క టీమ్ మేనేజర్‌ని సీసీలో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. పేరు రాయకుండానే వేలు చూపించడం అది.

బతిమాలే మాటలు ఎందుకు తీసేశామంటే, అవి చదివినవాళ్లకి పని పెడతాయి. “పర్లేదులెండి” అని వాళ్లే మనల్ని ఓదార్చాలి. రిపోర్ట్ లేక వాళ్ల మీటింగ్ ఆగిపోయి ఉంటే ఆ ఓదార్పు వాళ్లెందుకివ్వాలి?

కొత్త తేదీ మాత్రం ఆచితూచి ఇవ్వండి. మంగళవారానికి అవుతుందనిపిస్తే బుధవారం అని రాయండి. రెండోసారి తప్పితే ఎంత మంచి మెయిలూ పనిచేయదు.

ఒకవేళ సోమవారమే మీరు చెప్పి ఉంటే, లేని తప్పు నెత్తిన వేసుకోనక్కర్లేదు. “సోమవారం చెప్పినట్టే ఫైళ్లు ఆలస్యమయ్యాయి” అని మొదలుపెట్టి, నేరుగా తేదీకి వచ్చేయండి.