విగ్రహం వద్దనేవాళ్ల గొడవ విగ్రహంతోనేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంటి పక్కనే జగన్నాథుడి గుడి. మాకు తెలిసిన మహిమా ధర్మం వాళ్లేమో విగ్రహానికి మొక్కడమే తప్పంటారు. ముస్లింలూ అంతే. కొన్ని మతాలకి బొమ్మంటే ఎందుకు పడదు? కొన్నింటికి బొమ్మ లేకపోతే ఎందుకు గడవదు?

జవాబు: అందరి కారణం ఒకటి కాదండీ. ఒడిశాలో మహిమా ధర్మం వాళ్లు విగ్రహాన్ని కాదన్నది చాలావరకు ఆ విగ్రహం ఎవరి చేతుల్లో ఉందన్న దాని మీద. ఇస్లాంలో లెక్క వేరు.

మాది బరంపురం. మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన మహిమా ధర్మం తీసుకున్నారు. తెల్లారకముందే ఇంటి ముందు ఖాళీ జాగాలో తూర్పు తిరిగి సాష్టాంగపడతారు, సాయంత్రం పడమటికి. పైన ఆకాశం తప్ప ఎదురుగా ఏమీ ఉండదు. పొద్దు గుంకాక మెతుకు ముట్టరు. మా చెల్లి పెళ్లికి రాత్రి భోజనాలని తెలిసి, ఐదింటికే వచ్చి వంటవాళ్ల దగ్గర కూర్చుని తినేసి వెళ్లారు. ఒకసారి నేను, "తాతగారూ, పూరీ ఎప్పుడైనా వెళ్లారా?" అని అడిగితే, "మా తాతల్ని గుమ్మం దాటనివ్వలేదు బాబూ, ఇప్పుడు నాకెందుకు?" అన్నారు.

మహిమా ధర్మం చరిత్రలో సగం ఆ మాటలోనే ఉంది. 19వ శతాబ్దంలో మహిమా స్వామి మొదలుపెట్టిన ఈ మార్గంలోకి ఎక్కువగా వచ్చింది గుడిలోకి రానివ్వని కులాల వాళ్లు, కొండజాతుల వాళ్లు. దీన్ని పాటలతో ఊరూరా చేర్చిన భీమ భోయి కోంధు అనే కొండజాతి వాడు. ఈ సాధువులు రాజు ఇంట్లో, బ్రాహ్మడి ఇంట్లో భిక్ష తీసుకోరు. మంగలి, చాకలి ఇళ్లలో కూడా తీసుకోరు. పైకి ఇది తిరగేసిన అంటులా కనిపిస్తుంది కానీ, శుద్ధి కర్మలు, గుడి అధికారం ఈ నలుగురి మీదే నడిచేవి కాబట్టి ఆ ఏర్పాటు మొత్తానికే దూరం జరగడం అది. విగ్రహాన్ని వదిలేస్తే దాని పూజారీ అక్కర్లేదు, దాన్ని పోషించే రాజూ అక్కర్లేదు.

1881లో సంబల్‌పూర్ వైపు నుంచి వచ్చిన మహిమా ధర్మం వాళ్ల చిన్న గుంపు ఒకటి పూరీ గుడిలోకి చొరబడింది. జగన్నాథుణ్ణి బయటికి తెచ్చి కాల్చెయ్యాలని వచ్చారని అప్పట్లో చెప్పారు. తోపులాటలో వాళ్లలో ఒకరు చనిపోయారు.

అయితే జగన్నాథుడి సేవకులు మాత్రం ఆ చెక్కముక్కే దేవుడనుకుంటారా? అక్కడి పద్ధతి దగ్గరగా చూస్తే అలా అనిపించదు. స్నాన పూర్ణిమ నాడు 108 కుండల నీళ్లతో స్నానం చేయిస్తారు. తర్వాత దేవుడికి జ్వరమని దాదాపు 15 రోజులు దర్శనం ఆపేస్తారు. ఆ రోజుల్లో చిత్రకారులు గుడ్డ మీద వేసిన మూడు పటాలకే పూజ. అధిక ఆషాఢం వచ్చిన ఏడు, చివరిసారి 2015లో, చెక్క శరీరాలనే మార్చేశారు. కొత్త వేపచెట్లు వెతికి, చెక్కి, పాత విగ్రహంలోని బ్రహ్మ పదార్థాన్ని కొత్తదాంట్లోకి చేరుస్తారు. ఆ పని చేసే దైతాపతి కళ్లకు గంతలు, చేతులకు గుడ్డలు. ఆయన కూడా దాన్ని చూడకూడదు, నేరుగా తాకకూడదు. పాత విగ్రహాలను కోయిలి వైకుంఠంలో పూడుస్తారు. ఇంత విగ్రహారాధనలోనూ అసలు వస్తువు కంటికి కనపడనిదే అన్నమాట. మా బరంపురం ఠాకురాణి యాత్రలోనూ అమ్మవారు ఊరు తిరిగేది ఘటం రూపంలోనే, ముఖం ఉన్న విగ్రహంగా కాదు.

ఇస్లాంలో అభ్యంతరం గుడి అధికారం మీద కాదు. దేవుడికి సాటి పెట్టకూడదన్నది మొదటిది. ప్రాణుల రూపాలు చేసేవాడు సృష్టికర్త పనికి పోటీ పడుతున్నట్టన్నది హదీసుల్లో గట్టిగా ఉంది. అందుకే మసీదు గోడల మీద అక్షరాలు, లతలు పెరిగాయి. అలాగని అన్ని చోట్లా ఒకటే కాదు, పర్షియా, తుర్కీ చేతిరాత పుస్తకాల్లో ప్రవక్త బొమ్మలూ ఉన్నాయి.

క్రైస్తవుల్లో ఇదే తగువు తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియంలో 8వ శతాబ్దంలో మొదలై 843 దాకా సాగింది. బొమ్మల పక్షాన డమాస్కస్ జాన్ అనే క్రైస్తవ సన్యాసి వాదన నాకు భలే నచ్చుతుంది. కనపడని దేవుడికి బొమ్మ గీయలేం, నిజమే, కానీ ఆయనే మనిషిగా పుట్టి కనపడ్డాక గీస్తే తప్పేంటి అన్నాడు. అవతారం నమ్మేవాళ్లు బొమ్మకి ఒప్పుకోవడం సులువు, నమ్మనివాళ్లకి కష్టం. మన వైష్ణవులకి ఈ వాదన చెబితే వెంటనే తల ఊపుతారు.

మీ మహిమా వాళ్లకీ వస్తువంటూ లేకుండా గడవలేదు. ధెంకనాల్ జిల్లా జోరందాలో మహిమా స్వామి సమాధి ఉంది, ధుని మండుతుంది, అఖండ దీపం వెలుగుతుంది, మాఘ పూర్ణిమకి జనం కిక్కిరిసిపోతారు. అక్కడి హక్కులు మావంటే మావని చెట్టు బెరడు కట్టుకునే సాధువులకీ, కౌపీనం కట్టుకునే సాధువులకీ మధ్య ఏళ్ల తరబడి కోర్టు తగాదాలు కూడా నడిచాయి.